ఒంటరితనం సర్వేకి ఎథిక్స్ కమిటీ లెటర్: "ఎలా?" అన్న ప్రశ్నకి జవాబు రాయడం

ఎంఏ సైకాలజీ రెండో ఏడాదిలో, మనుషుల మీద చేసే పరిశోధనకి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి నేను ఇచ్చిన మొదటి లెటర్ వెనక్కి వచ్చింది. "గోప్యత పూర్తిగా పాటిస్తాము", "పాల్గొనేవారికి ఎలాంటి హానీ జరగదు", "అవసరమైన వారికి కౌన్సెలింగ్ ఇప్పిస్తాము" అని పేజీ నిండా రాసుకున్నాను. తిరిగొచ్చిన కాగితం మీద ఈ మూడు వాక్యాల పక్కనా పెన్సిలుతో ఒకటే మాట ఉంది: "ఎలా?"

అప్పుడు కోపం వచ్చింది. సర్వే ఫారం ముందు పెట్టుకుని నా లెటర్‌ని నేనే మళ్లీ చదివితే విషయం తెలిసింది. "ఏ ప్రశ్ననైనా వదిలేయవచ్చు" అని లెటర్లో రాశాను, కానీ ఫారంలో ఇరవై ప్రశ్నలకీ `Required` ఆన్ చేసి ఉంది. ఒక్కటి వదిలేసినా ఫారం ముందుకి కదలదు. అంటే లెటర్లో రాసింది అబద్ధం. కావాలని రాయకపోయినా అబద్ధం అబద్ధమే.

ఆ తర్వాత మా జూనియర్లు ఎవరు లెటర్ తెచ్చి చూపించినా ఒకే పని చేస్తున్నాను. లెటర్లో ప్రతి హామీ కింద గీత గీసి, "ఇది ఫారంలో ఎక్కడుంది, చూపించు" అని అడుగుతాను. చూపించలేని వాక్యం తీసేయాలి, లేదంటే ఫారం మార్చాలి. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే ఉంటుంది. ఉదాహరణకి నా సర్వేనే తీసుకుంటాను: పీజీ అమ్మాయిల హాస్టల్, దాదాపు 160 మంది, ఇరవై ప్రశ్నల యూసీఎల్ఏ ఒంటరితనం స్కేల్ (డానియెల్ రసెల్ 1996లో ప్రచురించిన మూడో రూపం) తెలుగు అనువాదం, గూగుల్ ఫారం.

చదివేది ఎవరో ముందు తెలుసుకోండి

భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీలో 7 నుంచి 15 మంది సభ్యులుంటారు. అధ్యక్షులు ఆ సంస్థకి బయటివాళ్లై ఉండాలి. చట్టం తెలిసినవారు ఒకరు, సామాజిక శాస్త్రాల నుంచి ఒకరు, ఏ శాస్త్రంతోనూ సంబంధం లేని మామూలు మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. ఆ మామూలు మనిషి రిటైరైన టీచరు కావచ్చు, బ్యాంకు ఉద్యోగి కావచ్చు. వాళ్లకి "సైకోమెట్రిక్ ప్రాపర్టీస్" అక్కర్లేదు. "మా అమ్మాయి ఈ ఫారం నింపితే ఏమవుతుంది?" అన్నదే వాళ్లకి కావాలి. లెటర్ ఆ మనిషికి అర్థమైతే మిగతావాళ్లందరికీ అర్థమైనట్టే.

చాలా యూనివర్సిటీల్లో ఈ లెటర్ ఇంగ్లీషులోనే ఇవ్వాలి. ఇవ్వండి. కానీ ముందు తెలుగులో రాసుకోండి. ఇంగ్లీషులో రాస్తే పాత లెటర్లలోని వాక్యాలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. తెలుగులో రాస్తే "ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తారు" అని చెప్పక తప్పదు. సమ్మతి పత్రం మాత్రం ఎలాగూ పాల్గొనేవాళ్ల భాషలోనే ఉండాలి, కమిటీ దాన్ని అడిగి మరీ చూస్తుంది.

"ఈ సర్వేలో రిస్క్ లేదు" అని మాత్రం రాయకండి. మార్గదర్శకాల్లో రిస్క్‌కి నాలుగు మెట్లున్నాయి. నా సర్వే లాంటివి మామూలుగా రెండో మెట్టు, అంటే "అతి స్వల్ప రిస్క్" కిందకి వస్తాయి. ఏ మెట్టో తేల్చేది కమిటీ, మీరు కాదు. మీరు చేయాల్సింది ఆ రిస్క్ ఏమిటో పేరు పెట్టి చెప్పడం. ఒంటరితనం సర్వేలో అవి ప్రధానంగా మూడు: నింపుతుంటే మనసు బరువెక్కడం, ఎవరేం జవాబిచ్చారో బయటపడటం, వద్దనలేక నింపడం. లెటర్ మొత్తం ఈ మూడింటి చుట్టూనే తిరగాలి.

పేరు లేకుండానా, పేరు దాచిపెట్టా?

అందరూ తడబడేది ఇక్కడే. పేరు అసలే తీసుకోకపోవడం ఒకటి, తీసుకుని ఎవరికీ చెప్పకపోవడం మరొకటి. మొదటి పద్ధతిలో ఎవరు నింపారో మీకే తెలియదు. రెండో దాంట్లో మీకు తెలుసు, బయటికి చెప్పరు. నా మొదటి లెటర్లో ఒక పేరాలో "పేర్లు తీసుకోము" అని రాసి, తర్వాతి పేరాలో "ఎక్కువ స్కోరు వచ్చినవారిని కౌన్సెలర్ దగ్గరికి పంపిస్తాము" అన్నాను. పేరే తెలియనప్పుడు ఎవరిని పంపిస్తాను?

రెండూ ఒకేసారి కుదరవు. ఏదో ఒకటి ఎంచుకుని, దానివల్ల పోయేదేమిటో కూడా లెటర్లోనే ఒప్పుకోవాలి. నేను పేర్లు లేని పద్ధతినే ఎంచుకున్నాను. హాస్టల్లో ఒంటరితనం గురించి ఎవరూ పేరు పెట్టి నిజం చెప్పరు, అదొక కారణం. ఇంకో కారణం, ఒక పీజీ విద్యార్థినిగా నాకు నలుగురి పేర్లు తెలిసినా వాళ్లకి చేయగలిగింది తక్కువ. ఈ పద్ధతిలో పోయేది రెండు. ఎవరైనా బాగా కుంగిపోయి ఉన్నారని జవాబుల్లో కనిపించినా వెతికి పట్టుకోలేను. సబ్మిట్ కొట్టాక "నా జవాబు తీసేయండి" అని ఎవరైనా అడిగినా తీయలేను, ఏది ఎవరిదో తెలియదు కాబట్టి. ఈ రెండో మాట సమ్మతి పత్రంలో స్పష్టంగా ఉండాలి. "ఎప్పుడైనా విరమించుకోవచ్చు" అన్న పాత వాక్యం ఇక్కడ తప్పవుతుంది. "సబ్మిట్ నొక్కే ముందు ఎప్పుడైనా ఆపేయవచ్చు" అని రాయాలి.

ఇదే లెక్కతో ప్రశ్నల్ని కూడా జల్లెడ పట్టాలి. కొందరు ఒంటరితనంతో పాటు డిప్రెషన్ కూడా కొలుద్దామని పీహెచ్‌క్యూ-9 కలుపుతారు. దాని తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. పేర్లు లేని ఫారంలో ఆ ప్రశ్న అడిగి, ఒకమ్మాయి "దాదాపు ప్రతిరోజూ" అని పెట్టిందనుకోండి. ఆ జవాబు మీ షీట్లో ఉంటుంది, మీరు కదల్లేరు. ఏమీ చేయలేని చోట ఆ ప్రశ్న అడగకూడదు. ఆ ఒక్క ప్రశ్నా తీసేసిన ఎనిమిది ప్రశ్నల రూపం, పీహెచ్‌క్యూ-8, ఎప్పటినుంచో వాడుకలో ఉంది. నా సలహా అడిగితే ఎంఏ డిసర్టేషన్‌కి అది కూడా వద్దు. ఒంటరితనం ఒక్కటే కొలవండి. యూసీఎల్ఏ స్కేల్లో ఆత్మహత్య గురించిన ప్రశ్న లేదు.

చివర్లో పెట్టే "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అన్న ఖాళీ పెట్టె కూడా ఇలాంటిదే. చూడటానికి అమాయకంగా ఉంటుంది. అందులో జనం రూమ్మేట్ల పేర్లు రాస్తారు, సీనియర్లు చేసిన ర్యాగింగ్ గురించి రాస్తారు, ఇంకా చాలా రాస్తారు. అవన్నీ రోజూ చదివి స్పందించే ఏర్పాటు లేకపోతే ఆ పెట్టె తీసేయండి. నేను తీసేశాను, అందుకు కారణమేమిటో లెటర్లో ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం కమిటీకి నచ్చిందని తర్వాత మా గైడ్ చెప్పారు.

ఫారం సెట్టింగులు లెటర్‌లో రాసే విషయమే

"ఈమెయిల్ సేకరించము" అని రాసి ఊరుకోకండి. ఏ బటన్ ఎక్కడుందో రాసి, స్క్రీన్‌షాట్ జత చేయండి. గూగుల్ ఫారంలో చూడాల్సినవి ఇవి.

`Collect email addresses` దగ్గర `Do not collect` ఉండాలి. కొన్ని యూనివర్సిటీ ఖాతాల్లో ఈమెయిల్ సేకరణ మొదటినుంచే ఆన్ చేసి ఉంటుంది, కాబట్టి తెరిచి చూడాల్సిందే. `Limit to 1 response` ఆఫ్‌లో ఉండాలి. అది ఆన్‌లో ఉంటే నింపేవాళ్లు జీమెయిల్లో లాగిన్ కావాలి. ఐడీ మీకు కనిపించకపోయినా లాగిన్ అడగ్గానే "పేర్లు లేవన్నారు కదా!" అని అనుమానం వస్తుంది. ఆఫ్ చేస్తే ఒకే మనిషి రెండుసార్లు నింపే వీలుంది. ఆ నష్టం భరిస్తున్నామని లెటర్లో చెప్పేయండి.

`View results summary` ఆన్‌లో ఉంటే నింపిన ప్రతి ఒక్కరూ అందరి జవాబుల సారాంశం చూడొచ్చు. హాస్టల్ సర్వేకి ఇంతకన్నా ప్రమాదం లేదు. `Disable autosave for all respondents` ఆన్ చేయండి. ఉమ్మడి కంప్యూటర్లో సగం నింపి లేచిపోతే ఆ జవాబులు తర్వాత వచ్చినవాళ్ల కంట పడకూడదు. సమ్మతి ప్రశ్నకీ వయసు ప్రశ్నకీ తప్ప దేనికీ `Required` పెట్టకండి. మరి కొందరు కొన్ని ప్రశ్నలు వదిలేస్తే స్కోరు ఎలా వేయాలి? ఆ నియమం ముందే గైడ్‌తో మాట్లాడి రాసుకోండి. ఇరవైలో రెండు దాకా వదిలేస్తే ఆ మనిషి మిగతా జవాబుల సగటు వేయడం, అంతకు మించితే ఆ ఫారం పక్కన పెట్టడం అని మేము అనుకున్నాం.

వయసు ప్రశ్న ఎందుకంటే, 18 నిండనివారైతే తల్లిదండ్రుల అనుమతి కూడా కావాలి, అప్పుడు పేర్లు లేకుండా కుదరదు. "18 ఏళ్లు నిండాయా?" అన్నదానికి "లేదు" అంటే ఫారం నేరుగా ధన్యవాదాల పేజీకి వెళ్లేలా `Go to section based on answer` పెట్టాను.

ఇంకో చిన్న విషయం. ఎవరైనా వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే ఫారం శీర్షిక పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. "ఒంటరితనం కొలిచే సర్వే" అని శీర్షిక ఉంటే గదిలో నలుగురి మధ్య దాన్ని తెరిచేవాళ్లు తక్కువ. "హాస్టల్ జీవితం, స్నేహాలు: పీజీ సర్వే" అని పెట్టాను. కానీ లోపల మొదటి పేజీ మొదటి వాక్యంలోనే ఇది ఒంటరితనం గురించి అని చెప్పాను. పైన పేరు మార్చి లోపల కూడా చెప్పకపోతే అది మోసమే అవుతుంది.

పేరు రాయకపోయినా మనిషి దొరికిపోతుంది

మా హాస్టల్ 160 మందిలో 14 డిపార్ట్‌మెంట్ల వాళ్లున్నారు, రెండేసి సంవత్సరాలు. డిపార్ట్‌మెంట్, సంవత్సరం రెండూ అడిగితే 28 గుంపులు, సగటున గుంపుకి ఆరుగురు కూడా ఉండరు. దానికి జిల్లా కూడా కలిపితే ఇక చెప్పేదేముంది? "జియాలజీ, రెండో సంవత్సరం, శ్రీకాకుళం" అంటే హాస్టల్ మొత్తానికీ ఒక్కతే అమ్మాయి. ఆమె ఫోన్ నంబరు రాసిచ్చినా అంతే, ఇది రాసినా అంతే.

అందుకే నేను జిల్లా తీసేశాను. డిపార్ట్‌మెంట్ బదులు "ఆర్ట్స్, సైన్స్, ఇతరాలు" అని మూడే పెట్టాను. మూడు విభాగాలు, రెండు సంవత్సరాలు కలిపితే ఆరు గుంపులు, సగటున గుంపుకి దాదాపు ఇరవై ఏడుగురు. కులం, కుటుంబ ఆదాయం కూడా తీసేశాను. మొదట వాటిని "ఎలాగూ అన్ని సర్వేల్లో ఉంటాయి కదా" అని పెట్టాను, నా పరిశోధన ప్రశ్నకి వాటితో పనే లేదు. పని లేనిది అడగకూడదు.

రిపోర్టులో ఐదుగురి కన్నా తక్కువ ఉన్న గుంపు అంకెలు విడిగా వేయనని కూడా రాశాను. షీట్లో ఇది చూసుకోవడం కష్టమేమీ కాదు:

```
=COUNTIFS(C:C,"సైన్స్",D:D,"2")
```

5 కన్నా తక్కువ వస్తే ఆ గుంపుని పక్క గుంపుతో కలిపేయాలి.

టైమ్‌స్టాంప్ సంగతి చాలామంది మర్చిపోతారు. గూగుల్ షీట్ మొదటి కాలమ్‌లో ఫారం ఏ నిమిషంలో వచ్చిందో ఉంటుంది. రాత్రి ఒంటిగంటకి పక్క మంచం మీద ఒకమ్మాయి ఫారం నింపడం నేను చూశాననుకోండి. పొద్దున షీట్ తెరిస్తే 1:07కి ఒకటే జవాబు. పేరు అక్కర్లేకుండానే తెలిసిపోయింది. నేను అదే హాస్టల్లో ఉంటున్నాను కాబట్టి ఇది ఊహ కాదు. సర్వే ముగిసేదాకా షీట్ తెరవనని, ముగిశాక టైమ్‌స్టాంప్ కాలమ్ తీసేసి వరసలు తారుమారు చేసిన కాపీని మా గైడ్ ఇస్తే దానిమీదే పనిచేస్తానని, అసలు షీట్ గైడ్ ఖాతాలోనే ఉంటుందని రాశాను.

మనసు బరువెక్కితే

నా మూడో "ఎలా?" ఇక్కడిది. కౌన్సెలింగ్ ఇప్పిస్తామని రాశాను, కౌన్సెలర్‌ని అడగనేలేదు. వెళ్లి అడిగితే ఆమె వారానికి రెండే రోజులు వస్తారని, పరీక్షల ముందు అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టమని తెలిసింది. సర్వే జరిగే రెండు వారాలూ మంగళ, శుక్రవారాల్లో గంట సేపు అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చేవాళ్లని చూస్తానని ఆమె ఒప్పుకుని ఒక కాగితం మీద సంతకం చేసిచ్చారు. లెటర్‌కి ఆ కాగితం జత చేశాను. ఎవరి తరఫునైనా హామీ ఇస్తే వాళ్ల సంతకం ఉండాలి.

మిగతా రోజులకి టెలీ మానస్ ఉంది, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నంబరు ఫారంలో పెట్టే ముందు మీరే ఒకసారి చేసి చూడండి, భాష ఎక్కడ ఎంచుకోవాలో, ఎంతసేపట్లో మనిషి పలుకుతారో తెలుస్తుంది. హాస్టల్ సర్వే కాబట్టి జాతీయ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 కూడా ఇచ్చాను.

ఈ నంబర్లు చివరి పేజీలో మాత్రమే పెడితే మధ్యలో ఆపేసినవాళ్లకి కనపడవు. అసలు అవసరం వాళ్లకే ఎక్కువ. అందుకే మొదటి పేజీలోనూ, స్కేల్ మొదలయ్యే పేజీ పైనా, చివరా మూడు చోట్ల పెట్టాను.

స్కేల్ ప్రశ్నల వరస మార్చకూడదు, మారిస్తే స్కేల్ పాడవుతుంది. కానీ స్కేల్ అయ్యాక రెండు తేలిక ప్రశ్నలు పెట్టుకోవచ్చు. ఆదివారం మెస్‌లో మీకు నచ్చేదేమిటి, ఈ వారం ఎవరితో కాసేపు నవ్వుకున్నారు లాంటివి పెట్టాలనుకున్నాను. రెండోది మా గైడ్ కొట్టేశారు. ఎవరితోనూ నవ్వుకోనివాళ్లకి అది ఇంకో దెబ్బ అన్నారు. నిజమే. మెస్ ప్రశ్న మిగిలింది.

స్కోరు చూపించాలన్న ఆశ కూడా వదులుకోండి. మొత్తం 20 నుంచి 80 దాకా వస్తుంది, ఎక్కువ వస్తే ఒంటరితనం ఎక్కువ, అంతే. ఇంతకు మించితే జబ్బు అని చెప్పే గీత ఈ స్కేల్లో లేదు. "మీకు 61 వచ్చింది" అని రాత్రిపూట ఫోన్‌లో చూసిన అమ్మాయి దాన్ని ఏం చేసుకుంటుంది?

సమయం కూడా ఆలోచించాలి. సెమిస్టర్ పరీక్షల వారం వద్దు. సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చిన మొదటి వారం కూడా వద్దు. అప్పుడు హాస్టలంతా ఇంటి బెంగతో ఉంటుంది, మీ అంకెలూ పాడవుతాయి, వాళ్ల మనసూ పాడవుతుంది.

వద్దనగలిగేలా అడగడం

లింకు వార్డెన్ పంపితే అందరూ నింపేస్తారు. సమస్యే అది. గది కేటాయింపు వార్డెన్ చేతుల్లో ఉన్నప్పుడు ఆమె పంపిన ఫారం నింపనని ఎవరంటారు? క్లాసులో లెక్చరర్ "ఇప్పుడే నింపండి" అనడమూ ఇంతే. వార్డెన్ దగ్గర పోస్టరు అంటించడానికి అనుమతి మాత్రం తీసుకున్నాను. మెస్ గుమ్మం పక్కన క్యూఆర్ కోడ్ ఉన్న పోస్టరు. ఎవరు స్కాన్ చేశారో నేను నిలబడి చూడను. ఎంతమంది నింపారో, ఎవరు నింపలేదో వార్డెన్‌కి చెప్పనని ఆమెకే రాసిచ్చాను, ఆ కాగితం కాపీ కూడా జత చేశాను.

రీచార్జ్ కూపన్లు ఇద్దామని ఒక జూనియర్ అనుకుంది. ఇస్తే ఫోన్ నంబరు తీసుకోవాలి, పేర్లు లేని సర్వే అక్కడితో ముగిసింది. తప్పనిసరైతే నంబరు కోసం వేరే ఫారం పెట్టి, రెండిటికీ లంకె లేకుండా చూడాలి. ఇంటర్వ్యూలకి ఒప్పుకునేవాళ్ల నంబర్లు తీసుకోవడానికీ ఇదే దారి.

లెటర్ ఇలా ఉంటుంది

పైన అన్నీ తేల్చుకున్నాక లెటర్ రాయడం గంట పని. నా రెండో లెటర్ నడిచిన తీరు ఇది. పేర్లు, నంబర్లు తీసేశాను.

> గౌరవనీయులైన సభ్య కార్యదర్శి గారికి,
>
> విషయం: పీజీ విద్యార్థినుల హాస్టల్లో ఒంటరితనం సర్వే, పాల్గొనేవారి రక్షణ ఏర్పాట్లు.
>
> నేను ఎంఏ సైకాలజీ రెండో సంవత్సరం విద్యార్థినిని. మా హాస్టల్లోని 18 ఏళ్లు నిండిన పీజీ విద్యార్థినుల్లో ఒంటరితనం ఎంత ఉందో, మొదటి సంవత్సరానికీ రెండో సంవత్సరానికీ తేడా ఉందో తెలుసుకోవాలనుకుంటున్నాను. ఇరవై ప్రశ్నల స్కేల్, వయసు, విభాగం, సంవత్సరం, చివర్లో మెస్ గురించి ఒక తేలిక ప్రశ్న మాత్రమే అడుగుతాను. నింపడానికి దాదాపు పది నిమిషాలు పడుతుంది.
>
> ఈ సర్వేలో మూడు రకాల ఇబ్బందులు కలగవచ్చని గుర్తించాను.
>
> ఒకటి, ప్రశ్నలు చదువుతుంటే కొందరికి బాధ కలగవచ్చు. స్కేల్లో ఏ ప్రశ్ననైనా వదిలేయవచ్చు, ఫారంలో అందుకు వీలుంది (జత 2, స్క్రీన్‌షాట్లు). సహాయం నంబర్లు మూడు పేజీల్లో ఉన్నాయి. సర్వే జరిగే రెండు వారాలూ మంగళ, శుక్రవారాల్లో కౌన్సెలర్ గారు అందుబాటులో ఉంటారు (జత 3, వారి అంగీకారం). ఫారంలో పేర్లు లేనందున, ఎవరి జవాబుల్లోనైనా తీవ్రమైన బాధ కనిపించినా వారిని నేను గుర్తించలేను. ఈ కారణంగానే ఆత్మహత్య ఆలోచనల గురించిన ప్రశ్నలు గానీ, స్వేచ్ఛగా రాసే పెట్టె గానీ పెట్టలేదు.
>
> రెండు, ఎవరి జవాబులేవో బయటపడవచ్చు. పేరు, ఈమెయిల్, ఫోన్, డిపార్ట్‌మెంట్, జిల్లా తీసుకోను. అసలు షీట్ గైడ్ గారి యూనివర్సిటీ ఖాతాలో ఉంటుంది. నేను అదే హాస్టల్లో ఉంటున్నందున, సర్వే ముగిసి టైమ్‌స్టాంప్ తీసేసేదాకా షీట్ చూడను. ఐదుగురి కన్నా తక్కువ ఉన్న గుంపు ఫలితాలు విడిగా ప్రచురించను. డిగ్రీ వచ్చాక విశ్వవిద్యాలయ నియమం చెప్పినంత కాలం గైడ్ గారు డేటా ఉంచి, తర్వాత తొలగిస్తారు.
>
> మూడు, కాదనలేక నింపవచ్చు. లింకు వార్డెన్ గారు గానీ అధ్యాపకులు గానీ పంపరు. పోస్టరు ద్వారా మాత్రమే పిలుస్తాను (జత 4). పాల్గొన్నందుకు గానీ పాల్గొననందుకు గానీ ఏ తేడా ఉండదు. సబ్మిట్ నొక్కాక జవాబులు వెనక్కి తీసుకోవడం కుదరదని సమ్మతి పేజీలో రాశాను (జత 1, తెలుగు, ఇంగ్లీషు).
>
> పరిశోధన వల్ల పాల్గొనేవారికి నేరుగా లాభం లేదు. మీ అనుమతి వచ్చేదాకా డేటా సేకరణ మొదలుపెట్టను.

కింద నా సంతకం, గైడ్ సంతకం, తేదీ. మొత్తం ఒకటిన్నర పేజీ. "నేరుగా లాభం లేదు" అన్న వాక్యం రాయడానికి చేతులు రావు. అయినా రాయాలి. "మీకు ఎంతో ఉపయోగపడుతుంది" అని ఊరించి నింపించుకోవడం కూడా ఒత్తిడి చేయడమే.

సమ్మతి పేజీలో మాటలు

"ఒంటరితనం" అన్న మాటనే తేలికగా తీసుకోకండి. మన దగ్గర ఒంటరిగా ఉండటం వేరు, ఒంటరిగా అనిపించడం వేరు. ఆరుగురున్న గదిలోనూ అనిపించొచ్చు, ఎవరూ లేని గదిలో హాయిగానూ ఉండొచ్చు. సమ్మతి పేజీలో నేను రాసిన వాక్యం: "చుట్టూ మనుషులున్నా లేకపోయినా, మనకి తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుందో ఈ ప్రశ్నలు అడుగుతాయి." రాసింది అర్థమవుతోందో లేదో చూడటానికి సైకాలజీతో సంబంధం లేని మా పిన్నికి చదివి వినిపించాను. "గోప్యత" దగ్గర ఆగి "అంటే?" అంది. దాన్ని "ఎవరు ఏం రాశారో నాకు కూడా తెలియదు" అని మార్చాను.

అనుమతి వచ్చాక

అనుమతి తేదీకి ముందు వచ్చిన జవాబు ఒక్కటి కూడా లెక్కలోకి రాదు, పైలట్ జవాబులూ అంతే. చేసేసిన పనికి కమిటీ వెనక తేదీ వేసి అనుమతి ఇవ్వదు. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి "ఊరికే టెస్ట్ చేద్దాం" అని పదిహేను మందితో నింపించి, ఆ పదిహేనూ తీసేయాల్సి వచ్చింది. అనుమతి రాకముందు ఫారం సరిగా పనిచేస్తుందో లేదో చూడాలంటే మీరూ మీ గైడూ నింపి చూసుకుని, ఆ వరసలు తీసేయండి.

తర్వాత ఒక్క ప్రశ్న కలపాలన్నా, ఇంకో హాస్టల్‌కి వెళ్లాలన్నా సవరణ లెటర్ ఇవ్వాలి. ఇది అరపేజీ: ఏం మారుతోంది, ఎందుకు, దానివల్ల పైన చెప్పిన మూడు ఇబ్బందుల్లో ఏదైనా పెరుగుతుందా. సర్వే జరుగుతుండగా ఎవరైనా మీ గది తలుపు కొట్టి "ఆ ప్రశ్నలు చదివాక నిద్ర పట్టడం లేదు" అంటే, కూర్చోబెట్టి మాట్లాడి కౌన్సెలర్ దగ్గరికి తోడుగా వెళ్లండి. ఆ రోజే గైడ్‌కి చెప్పి, పేరు లేకుండా కమిటీకి రాయండి. నాకు ఇలా ఒకసారే జరిగింది. ఆ అమ్మాయి కౌన్సెలర్ గది బయట బెంచీ మీద కూర్చుని, "నా పేరు ఫారంలో లేదు కదా?" అని రెండుసార్లు అడిగింది. ఫోన్‌లో ఫారం సెట్టింగులు తెరిచి `Do not collect` అని ఉన్న చోటు చూపించాను.